ఐవీ ఎక్కువుంటే క్రెడిట్ స్ప్రెడ్, తక్కువుంటే డెబిట్ స్ప్రెడ్ అంటారు, కానీ లెక్క వేస్తే రెండూ ఒకటే వస్తున్నాయి

గుంటూరు_గిరి
ఎక్కడ చూసినా ఒకటే మాట: విక్స్ ఎక్కువుంటే క్రెడిట్ స్ప్రెడ్ అమ్ము, తక్కువుంటే డెబిట్ స్ప్రెడ్ కొను. నిన్న కూర్చుని నిఫ్టీ నెలవారీ ఆప్షన్ చెయిన్ తీశాను. ఫ్యూచర్ 24,000 చుట్టూ ఉంది, ఐవీ 12 దాకా. పెరుగుతుందని నా అంచనా. 24,000 కాల్ కొని 24,200 కాల్ అమ్మితే దాదాపు 89 పాయింట్లు కట్టాలి. అదే 24,200 పుట్ అమ్మి 24,000 పుట్ కొంటే 111 పాయింట్లు చేతికొస్తాయి. మొదటిదాంట్లో పోతే 89, వస్తే 111. రెండోదాంట్లో కూడా వస్తే 111, పోతే 89. అంటే రెండూ ఒకే బేరం కదా? మరి ఐవీ చూసి ఒకటి ఎంచుకోవడం అంటే ఏం ఎంచుకుంటున్నట్టు? ఎవరైనా లెక్కతో చెప్పండి, సామెతలు వద్దు.

నిఫ్టీ_నాని
ఐవీ ఎక్కువ అంటే ప్రీమియం ఎక్కువ. ఎక్కువ ధర ఉన్నప్పుడు అమ్మాలి, తక్కువ ధర ఉన్నప్పుడు కొనాలి. ఇందులో ఆలోచించడానికి ఏముంది బ్రదర్.

గుంటూరు_గిరి
@నిఫ్టీ_నాని ఒక్క ఆప్షన్‌కి అది సరే. స్ప్రెడ్‌లో ఒకటి కొంటున్నా, ఒకటి అమ్ముతున్నా కదా. రెండూ పెరుగుతాయి.

వేగా_వెంకట్
గిరి గారు పట్టుకున్నది సరైన పాయింటే. నిఫ్టీ ఆప్షన్లు యూరోపియన్ రకం, సెటిల్‌మెంట్ నగదులో. కాబట్టి ఒకే ఎక్స్‌పైరీ, అవే రెండు స్ట్రైక్‌లు అయితే బుల్ కాల్ డెబిట్టూ బుల్ పుట్ క్రెడిట్టూ కలిపితే స్ట్రైక్‌ల మధ్య దూరం రావాల్సిందే, ఇక్కడ 200. కొద్దిగా వడ్డీ తేడా ఉంటుంది అంతే. అలా రాకపోతే ఆర్బిట్రేజ్ చేసేవాళ్లు నిమిషంలో సరిచేస్తారు. కాబట్టి "క్రెడిట్" అనే పేరులో ఏమీ లేదు, డబ్బు ముందు వస్తుందా తర్వాత వస్తుందా అన్నదే.

ఇంకో విషయం చూడండి. మీ స్ప్రెడ్‌నే కాలిక్యులేటర్‌లో వేశాను: ఫ్యూచర్ 24,000, 30 రోజులు, వడ్డీ వదిలేసి, అన్ని స్ట్రైక్‌లకీ ఒకే ఐవీ అనుకుని. ఐవీ 12 దగ్గర 24,000 కాల్ 329. ఐవీ 24 చేస్తే అదే కాల్ 659, అంటే రెట్టింపు. మరి 24,000/24,200 స్ప్రెడ్? 89 నుంచి 92. మూడు పాయింట్లు పెరిగింది. ఐవీ రెట్టింపైనా స్ప్రెడ్ కదల్లేదు. మార్కెట్ ఎక్కడుందో అక్కడే స్ప్రెడ్ పెట్టేవాళ్లకి ఈ రూల్ దాదాపు అక్కర్లేదు.

కాకినాడ_కాజా
అంటే ఇన్నాళ్లూ ఐవీ చూసి టైం వేస్ట్ చేశామా 🙂

వేగా_వెంకట్
@కాకినాడ_కాజా లేదు లేదు, స్ట్రైక్‌లు దూరం జరిపి చూడండి, అప్పుడు ఐవీ పని మొదలవుతుంది.

అదే లెక్కలో 23,000 పుట్ అమ్మి 22,800 పుట్ కొనండి. ఐవీ 12 అయితే వచ్చేది 18 పాయింట్లు, రిస్క్ 182. ఐవీ 24 అయితే వచ్చేది 52, రిస్క్ 148. ఇది పెద్ద తేడా. ఇప్పుడు పైవైపు: 24,800 కాల్ కొని 25,000 కాల్ అమ్మండి. ఐవీ 12 దగ్గర ఖర్చు 28. ఐవీ 24 దగ్గర 57. అదే 200 పాయింట్ల వెడల్పు కోసం రెట్టింపు కడుతున్నారు.

కాబట్టి అసలు రూల్ ఇలా ఉండాలి: ఐవీ బాగా ఎక్కువ ఉందని మీరు నమ్మితే, మార్కెట్ ఇప్పుడున్న చోటే ఉన్నా లాభం వచ్చే స్ప్రెడ్ పెట్టండి. తక్కువ ఉందని నమ్మితే, మార్కెట్ కదిలితేనే లాభం వచ్చే స్ప్రెడ్ పెట్టండి. మొదటిదాన్ని జనం దూరపు పుట్‌లతో క్రెడిట్‌గా పెడతారు, రెండోదాన్ని దూరపు కాల్స్‌తో డెబిట్‌గా పెడతారు. అందుకే పేర్లు అలా అంటుకుపోయాయి.

థీటా_తాత
వెంకట్ చెప్పింది కరెక్టే కానీ ఒక మాట మింగేశాడు. ఆ 52 పాయింట్లు ఊరికే ఇవ్వట్లేదు. 200లో 52 అంటే నిఫ్టీ 22,900 కింద ముగిసే అవకాశం పావు వంతు పైనే ఉందని మార్కెట్ అంటోంది. ఐవీ 12 దగ్గర 18 ఇచ్చినప్పుడు ఆ అవకాశం వందకి 9 మాత్రమే. జీతం పెరిగింది, పనిలో ప్రమాదమూ అంతే పెరిగింది. 24 ఐవీ అని చెప్పిన మార్కెట్, నిజంగా 24 లాగే ఊగితే అమ్మినవాడికి మిగిలేది ఏమీ లేదు, బ్రోకరేజీ పోతుంది. మీకు లాభం రావాలంటే రాబోయే నెల ఊగుడు 24 కన్నా తక్కువ ఉంటుందని మీకు వేరే కారణం ఉండాలి.

నిఫ్టీ_నాని
కారణం అక్కర్లేదు తాతగారూ, ఐవీ ఎప్పుడూ మీన్‌కి తిరిగి వస్తుంది. విక్స్ 20 దాటితే అమ్మితే చాలు, కిందకి రావాల్సిందే.

థీటా_తాత
@నిఫ్టీ_నాని వస్తుంది, ఎప్పుడు వస్తుంది అన్నదే ప్రశ్న. 2020 మార్చి రెండో వారంలో ఇండియా విక్స్ 30 దగ్గర ఉంది. అప్పటికే చాలా ఎక్కువ, "ఇంకేం పెరుగుతుంది" అన్నారు. అప్పుడు నిఫ్టీ 10,400 చుట్టూ. మార్చి 23న 7,610 దగ్గర ముగిసింది, మరుసటి రోజుకి విక్స్ 80 దాటింది. మీన్‌కి రావడం తర్వాత వచ్చింది నిజమే, కానీ 30 దగ్గర పుట్ స్ప్రెడ్ అమ్మినవాడి ఎక్స్‌పైరీ అప్పటికే అయిపోయింది.

నిఫ్టీ_నాని
కరోనా ఒక్కసారి వచ్చేది. దాన్ని పట్టుకుని రూల్ తప్పనకూడదు.

ఓరుగల్లు_ఓపిక
2024 ఎన్నికల ఫలితాలు కూడా ఒక్కసారేనా నాని? ఎగ్జిట్ పోల్స్ వచ్చాక జూన్ 3న నిఫ్టీ 23,263 దగ్గర ముగిసింది, విక్స్ 21 చుట్టూ ఉంది. "ఫలితం రాగానే ఐవీ కూలుతుంది, పుట్ స్ప్రెడ్ అమ్మెయ్" అని మా గ్రూపులో అందరూ అన్నారు. 4న నిఫ్టీ 21,884. దాదాపు 6 శాతం పడింది, విక్స్ 26 పైన ముగిసింది. ఐవీ కూలింది, కానీ మర్నాడు.

వేగా_వెంకట్
ఓరుగల్లు గారి ఉదాహరణ ఇక్కడ బాగా పనికొస్తుంది, ఎందుకంటే రెండు వైపులా చూపిస్తుంది. జూన్ 3 సాయంత్రానికి జూన్ 6 గురువారం ఎక్స్‌పైరీలో 22,800 పుట్ అమ్మి 22,600 పుట్ కొని ఉన్నాడనుకోండి. 4న నిఫ్టీ ఆ రెండు స్ట్రైక్‌ల కిందకి, చాలా కిందకి వెళ్లిపోయింది. స్క్రీన్ మీద గరిష్ఠ నష్టానికి దగ్గరగా చూపిస్తుంది. 5న 22,620. 6న 22,821 దగ్గర ముగిసింది. అంటే అదే స్ప్రెడ్‌ని పట్టుకుని కూర్చున్నవాడికి మొత్తం క్రెడిట్ మిగిలింది, 4న భయపడి కోసుకున్నవాడికి దాదాపు మొత్తం పోయింది.

దీన్ని చూసి "పట్టుకుంటే చాలు" అని అనుకోకండి, 21 పాయింట్ల తేడాతో బయటపడ్డాడు. నేను చెప్పేది ఏంటంటే, స్ప్రెడ్ కాబట్టే కూర్చోగలిగాడు. ఒట్టి పుట్ అమ్మి ఉంటే మార్జిన్ కాల్ వచ్చేది, బ్రోకరే కోసేసేవాడు.

గుంటూరు_గిరి
ఒక డౌట్. 4న మార్కెట్ రెండు స్ట్రైక్‌ల కిందకి పోయాక ఐవీ పెరిగింది కదా, దానివల్ల నష్టం ఇంకా పెరిగి ఉండాలి కదా?

వేగా_వెంకట్
మంచి ప్రశ్న, ఇక్కడే చాలామంది తడబడతారు. కాదు. మార్కెట్ రెండు స్ట్రైక్‌ల పైన ఉన్నంతసేపు ఐవీ పెరగడం మీకు శత్రువు. రెండింటి మధ్యకి వచ్చేసరికి ఐవీ ప్రభావం దాదాపు సున్నా. రెండింటి కిందకి పోయాక ఐవీ పెరగడం మీకు మిత్రుడు, ఎందుకంటే ఇప్పుడు మీరు కోరుకునేది మార్కెట్ మళ్లీ ఊగి పైకి రావడం. అంటే పెట్టిన రోజు మీది ఐవీ తగ్గితే లాభం వచ్చే పొజిషన్, ఓడిపోతున్న రోజు అదే ఐవీ పెరిగితే లాభం వచ్చే పొజిషన్ అయిపోతుంది. "క్రెడిట్ స్ప్రెడ్ అంటే వేగా అమ్మడం" అనేది పెట్టిన రోజుకే నిజం.

బెజవాడ_బాబీ
నాది వేరే కేసు. ఒక ప్రైవేటు బ్యాంకు షేరు, రిజల్ట్స్ ముందు బుల్ కాల్ స్ప్రెడ్ కొన్నా. షేరు నేను అమ్మిన స్ట్రైక్ కూడా దాటేసింది. అయినా స్ప్రెడ్ వెడల్పులో మూడింట రెండు వంతులే చూపించింది. రిజల్ట్స్ తర్వాత ఐవీ క్రష్ అయింది, అందుకే తినేసింది. ఐవీ ఎక్కువున్నప్పుడు డెబిట్ స్ప్రెడ్ పెడితే ఇంతే.

వేగా_వెంకట్
@బెజవాడ_బాబీ ఎక్స్‌పైరీకి ఎన్ని రోజులుంది?

బెజవాడ_బాబీ
మూడు వారాలు దాకా.

వేగా_వెంకట్
అదీ సంగతి. షేరు రెండు స్ట్రైక్‌లూ దాటాక ఐవీ పడిపోవడం మీకు మేలే చేసింది, కీడు కాదు. ఇప్పుడు మీకు కావలసింది షేరు అక్కడే నిలబడటం. ఐవీ పడకపోయి ఉంటే ఇంకా తక్కువ చూపించేది. తినేసింది మిగిలున్న టైం. మూడు వారాల్లో షేరు వెనక్కి రావచ్చు కాబట్టి మార్కెట్ పూర్తి వెడల్పు ఇవ్వదు. ఎక్స్‌పైరీ దాకా అక్కడే ఉంటే మెల్లగా నిండుతుంది. షేరు అసలు కదలకపోయి ఉంటే, లేదా మీరు కొన్న స్ట్రైక్ దాకా కూడా రాకపోయి ఉంటే, అప్పుడు క్రష్ తినేసింది అనొచ్చు.

ఓరుగల్లు_ఓపిక
@బెజవాడ_బాబీ షేర్ల మీద స్ప్రెడ్ అయితే ఎక్స్‌పైరీ దాకా ఉంచేటప్పుడు జాగ్రత్త. మన దగ్గర షేర్ల డెరివేటివ్స్ ఫిజికల్ సెటిల్‌మెంట్. షేరు రెండు స్ట్రైక్‌లూ దాటి ఉంటే రెండు లెగ్‌లూ ఒకదానికొకటి సరిపోతాయి కానీ, మధ్యలో ఇరుక్కుంటే ఒక్క లెగ్ మీద మొత్తం లాట్ డెలివరీ పడుతుంది. చివరి వారంలో మార్జిన్ కూడా పెంచుకుంటూ పోతారు. నేనైతే ఎక్స్‌పైరీ వారంలోకి షేర్ స్ప్రెడ్ తీసుకెళ్లను, క్రెడిట్ అయినా డెబిట్ అయినా.

బెజవాడ_బాబీ
ఇది తెలుసు, అందుకే ముందే తీసేశా. కానీ ఐవీ మేలు చేసింది అన్నది ఇంకా మింగుడు పడట్లేదు. కాలిక్యులేటర్‌లో చూస్తా.

డల్లాస్_దత్తు
ఇక్కడ అమెరికాలో ఒక చిన్న తేడా ఉంది, ఎవరైనా ఇక్కడ ట్రేడ్ చేస్తుంటే. ఎస్‌పీఎక్స్ ఇండెక్స్ ఆప్షన్లు నిఫ్టీ లాగే యూరోపియన్, నగదు సెటిల్‌మెంట్. కానీ ఎస్‌పీవై ఈటీఎఫ్ ఆప్షన్లూ, షేర్ల ఆప్షన్లూ అమెరికన్ రకం. అమ్మిన కాల్ లోతుగా డబ్బులో ఉండి, డివిడెండ్ తేదీ దగ్గరపడితే ముందురోజే అసైన్ అయిపోవచ్చు, డివిడెండ్ మీ జేబులోంచి పోతుంది. కాబట్టి వెంకట్ గారన్న "రెండూ ఒకటే" ఎస్‌పీఎక్స్‌లో నిజం, ఎస్‌పీవైలో దాదాపు నిజం.

గుంటూరు_గిరి
సరే, ఒకే స్ట్రైక్‌లైతే లెక్క ఒకటే అని ఒప్పుకున్నాం. మరి ఏది పెట్టాలో ఎలా తేల్చుకుంటారు? బొమ్మా బొరుసా వేయలేం కదా.

ఓరుగల్లు_ఓపిక
లిక్విడిటీ చూస్తా. నిఫ్టీలో దూరపు స్ట్రైక్ పుట్ కొనుగోలు, అమ్మకం ధరల మధ్య గ్యాప్ చిన్నది. అదే స్ట్రైక్ కాల్ లోతుగా డబ్బులో ఉంటుంది, గ్యాప్ పెద్దది. 22,800/23,000 కావాలంటే పుట్‌లతోనే పెట్టాలి, కాల్స్‌తో పెడితే ఐవీ 24 లెక్కలో 148 కట్టాల్సిన చోట ఇంకో నాలుగైదు పాయింట్లు జారిపోతాయి. అలాగే 24,800/25,000 కావాలంటే కాల్స్‌తోనే.

రెండోది డబ్బు ఎక్కడుంది అన్నది. షేర్లు ప్లెడ్జ్ చేసి వచ్చిన మార్జిన్‌తో ఆప్షన్ కొనలేం, కొనే ప్రీమియంకి నగదు కావాలి. అమ్మే లెగ్ మార్జిన్‌కి ప్లెడ్జ్ పనికొస్తుంది. నా డబ్బంతా షేర్లలో ఉంది కాబట్టి నాకు క్రెడిట్ వైపు తేలిక. ఇందులో ఐవీకి సంబంధమే లేదు.

కాకినాడ_కాజా
పెట్టేటప్పుడు కొనే లెగ్ ముందు, తీసేటప్పుడు అమ్మిన లెగ్ ముందు. తిరగేసి చేస్తే ఆ కాసేపటికి ఒట్టి అమ్మకం మార్జిన్ అడుగుతుంది, ఆర్డర్ రిజెక్ట్. కొత్తవాళ్లకి చెబుతున్నా.

సికింద్రాబాద్_సీత
మొదట్నుంచీ చదువుతున్నా. వెంకట్ గారి లెక్కలో ఒక లోపం ఉంది. అన్ని స్ట్రైక్‌లకీ ఒకే ఐవీ అన్నారు. నిఫ్టీలో ఎప్పుడూ అలా ఉండదు. కింద స్ట్రైక్ పుట్‌ల ఐవీ ఎక్కువ, కిందకి పోయేకొద్దీ ఇంకా ఎక్కువ. బుల్ పుట్ స్ప్రెడ్ అమ్మేవాడు తక్కువ ఐవీ ఉన్న 23,000 పుట్ అమ్మి, ఎక్కువ ఐవీ ఉన్న 22,800 పుట్ కొంటున్నాడు. ప్రతి స్ప్రెడ్‌లోనూ కొంత అక్కడ కారిపోతుంది. భయం పెరిగినప్పుడు ఈ వంపు తరచూ ఇంకా నిటారుగా అవుతుంది, కాబట్టి ఐవీ 24 ఉన్నరోజు మీ స్క్రీన్ మీద క్రెడిట్ లెక్కలో కన్నా వేరుగా ఉంటుంది. దీనికి ఉల్టా, పడుతుందని అనుకునేవాడు బేర్ పుట్ డెబిట్ స్ప్రెడ్ కొంటే వంపు అతని వైపు ఉంటుంది: పై స్ట్రైక్ చౌక ఐవీకి కొని, కింది స్ట్రైక్ ఖరీదైన ఐవీకి అమ్ముతున్నాడు. ఐవీ ఎక్కువున్నా సరే, దిగువ వైపు అంచనా ఉన్నవాడికి డెబిట్ తప్పు కాదు.

వేగా_వెంకట్
@సికింద్రాబాద్_సీత ఒప్పుకుంటున్నా. నా అంకెలు ఐవీ మార్పు ఎటు లాగుతుందో చూపడానికే, ట్రేడ్ వేసే ముందు చెయిన్‌లో ఉన్న ధరలే తీసుకోవాలి. కానీ అమ్మేవాడికి 23,000 పుట్ మీద కూడా అదనంగానే వస్తోంది కదా. 23,000 పుట్ ఐవీ కూడా మధ్య స్ట్రైక్ కన్నా ఎక్కువే.

సికింద్రాబాద్_సీత
ఎక్కువే, కానీ మీరు అమ్మేది ఆ రెండింటి తేడాని. ఆ తేడాలో వంపు లాభమా నష్టమా అన్నది స్ట్రైక్ ఎంత దూరం, ఎన్ని రోజులు అన్నదాన్ని బట్టి ఉంటుంది. వీక్లీలో నేను చూసినంతవరకు వంపు అమ్మేవాడికి అనుకూలంగా లేదు. నెలవారీలో మీ మాట నిలబడొచ్చు.

థీటా_తాత
వీళ్లిద్దరి వాదన పక్కన పెడితే, "ఎక్కువ" అన్నది దేనితో పోల్చి? విక్స్ దాదాపు 30 రోజుల లెక్క. మీరు వేసేది మంగళవారం వీక్లీ అయితే విక్స్‌తో పనేంటి? ఆ ఎక్స్‌పైరీ లోపల బడ్జెట్టో ఆర్‌బీఐ పాలసీయో ఉంటే దాని ఐవీ ఒక్కటే లేచి కూర్చుంటుంది, విక్స్ 13 చూపిస్తూనే ఉంటుంది. మీ ఎక్స్‌పైరీ మధ్య స్ట్రైక్ కాల్, పుట్ కలిపి ఎంతో చూడండి. ఇటీవల అన్ని రోజుల్లో నిఫ్టీ నిజంగా ఎంత కదులుతోందో చూడండి. అంతకన్నా బాగా ఎక్కువ అడుగుతుంటే ఎక్కువ, లేకపోతే కాదు.

నిఫ్టీ_నాని
నేను ఐవీ ర్యాంక్ చూస్తా. 50 దాటితే క్రెడిట్, లోపలైతే డెబిట్. సింపుల్.

సికింద్రాబాద్_సీత
@నిఫ్టీ_నాని ర్యాంక్ ఏడాదిలో కనిష్ఠం, గరిష్ఠం మధ్య ఎక్కడున్నామో చెబుతుంది. ఏడాదిలో ఒక్కరోజు విక్స్ ఎగిరిందంటే మిగతా ఏడాదంతా మీ ర్యాంక్ కిందే కనిపిస్తుంది. 2024 జూన్ 4న విక్స్ ట్రేడింగ్ మధ్యలో 30 దాటింది. ఆ రోజుని లెక్కలో ఉంచితే, తర్వాత 16, 17 దగ్గర ఉన్నా "తక్కువ, డెబిట్ కొను" అంటుంది. పర్సెంటైల్ చూడండి, ఎన్ని రోజులు ఇంతకన్నా తక్కువ ఉందో చెబుతుంది, ఒక్కరోజు ఎగుడు దాన్ని చెడగొట్టదు.

నిఫ్టీ_నాని
పర్సెంటైల్ మా యాప్‌లో కనబడదు. రోజువారీ విక్స్ డేటా డౌన్‌లోడ్ చేసి లెక్కేయాలా?

సికింద్రాబాద్_సీత
ఎన్‌ఎస్‌ఈ సైట్‌లో ఇండియా విక్స్ పాత డేటా ఉంటుంది. ఎక్సెల్‌లో ఏడాది ముగింపులు `A2:A251`లో, ఇవాల్టిది `B1`లో పెడితే ఇది చాలు:

```
=COUNTIF(A2:A251,"<"&B1)/COUNT(A2:A251)
```

గుంటూరు_గిరి
నాకు అర్థమైనంతవరకు: ఇవాళ ఐవీ 12, పర్సెంటైల్ కింద ఉంది. పెరుగుతుందని నా అంచనా. దూరపు పుట్ స్ప్రెడ్ అమ్మితే 18 కోసం 182 పెట్టాలి, అది నచ్చట్లేదు. 24,800/25,000 కాల్ స్ప్రెడ్ 28కి కొంటే, నిఫ్టీ 24,800 దాకా వెళ్తే వెంటనే ఎంత అవుతుంది?

వేగా_వెంకట్
ఐవీ మారకుండా త్వరగా 24,800కి వెళ్తే దాదాపు 89 చూపిస్తుంది, మీరు మొదట అడిగిన స్ప్రెడ్ లాగే. కానీ నిఫ్టీ మెల్లగా ఎక్కేటప్పుడు ఐవీ ఇంకా తగ్గడం మామూలే, టైం కూడా కరుగుతుంది. మూడో వారంలో 24,800 చేరితే లెక్క వేరు. అప్పుడు కూడా స్ట్రైక్‌ల దగ్గరే ఉంటారు కాబట్టి ఐవీ కన్నా నిఫ్టీ ఎటు కదులుతుందన్నదే ముఖ్యం.

థీటా_తాత
3.3 శాతం ఎక్కాలి గిరి, నెలలో. ఐవీ 12 అంటే నెలకి దాదాపు మూడున్నర శాతం ఊగుడు. అంత కదిలితేగానీ మీ మొదటి స్ట్రైక్ దగ్గరకి రారు. 24,300/24,500 కూడా చూసి ధర అడగండి.

గుంటూరు_గిరి
చూస్తున్నా తాతగారూ. అందులో ఖర్చు ఎక్కువ, కానీ అంత దూరం వెళ్లక్కర్లేదు. సోమవారం ధరలు పెడతా.

బెజవాడ_బాబీ
@వేగా_వెంకట్ కాలిక్యులేటర్‌లో పెట్టా. షేరు రెండు స్ట్రైక్‌లూ దాటి ఉంది, ఐవీ తగ్గిస్తే స్ప్రెడ్ విలువ నిజంగానే పెరుగుతోంది. స్ట్రైక్‌ల కింద పెడితే తగ్గుతోంది. మరి రెండింటి సరిగ్గా మధ్యలో కూడా కొంచెం మారుతోంది, సున్నా రావట్లేదు?

వేగా_వెంకట్
లాగ్‌నార్మల్ వల్ల కొంచెం పక్కకి జరుగుతుంది, సున్నా వచ్చే చోటు సరిగ్గా మధ్యలో ఉండదు. షేరు ఐవీ ఎంత పెట్టారు, ఎన్ని రోజులు? అంకెలు పెట్టండి, చూద్దాం.